చౌక విమాన టికెట్ అసలు ఖరీదెంత?

లాక్‌డౌన్ తర్వాత 2020 మే 25న దేశంలో విమానాలు మళ్లీ తిరగడం మొదలైంది. కౌంటర్ల దగ్గర జనం గుమిగూడకుండా, ప్రయాణికులంతా ఇంటి దగ్గరే వెబ్ చెక్‌ఇన్ చేసుకుని రావాలని అప్పట్లో ప్రభుత్వం షరతు పెట్టింది. కోవిడ్ కోసం వచ్చిన ఈ ఏర్పాటు కొన్ని విమాన సంస్థలకు కొత్త రాబడి దారి చూపించింది. వెబ్ చెక్‌ఇన్ చేసుకోకుండా వచ్చి కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ అడిగినవారి దగ్గర మనిషికి రూ.200 దాకా వసూలు చేయసాగాయి. టికెట్‌కి డబ్బు కట్టాక, విమానం ఎక్కడానికిచ్చే చీటీకి మళ్లీ డబ్బేమిటని ప్రయాణికులు నిలదీశారు. ఫిర్యాదులు పెరిగి, 2022 జులై 21న పౌర విమానయాన శాఖ కల్పించుకుంది. ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్, 1937లోని 135వ నిబంధన చెప్పే ‘టారిఫ్’లోకి బోర్డింగ్ పాస్ ఇవ్వడం రాదని, అందుకు విడిగా డబ్బు తీసుకోవద్దని సంస్థలకు స్పష్టం చేసింది.

కాబట్టి మన దేశంలో విమానాశ్రయంలోని చెక్‌ఇన్ కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ ఇచ్చినందుకు ఎవరైనా డబ్బు అడిగితే కట్టనక్కర్లేదు. ఆ రూ.200 పోయింది. అయితే దాని వెనకున్న వ్యాపార పద్ధతి మాత్రం పోలేదు. మొదట కనబడే ధర వీలైనంత తక్కువ చూపించి, మిగతా డబ్బు ఒక్కో మెట్టు దగ్గర కొంచెం కొంచెంగా రాబట్టడమే ఆ పద్ధతి. సీటు దగ్గర కొంత, భోజనం దగ్గర కొంత, డబ్బు కట్టే పేజీలో మరికొంత. నలుగురున్న కుటుంబానికి రానూ పోనూ టికెట్లు తీసేసరికి ఈ ‘కొంత’లన్నీ కలిసి వేలల్లో తేలతాయి.

మూడు కుప్పలు

మన దేశంలో ఈ తరహా ప్రయాణానికి దారి వేసింది 2003లో కెప్టెన్ గోపీనాథ్ మొదలుపెట్టిన ఎయిర్ డెక్కన్. టికెట్‌తో పాటు భోజనం ఇవ్వకుండా, కావాలన్నవారికి విమానంలో అమ్మి, మొత్తం మీద టికెట్ ధర తగ్గించింది. అందులో అన్యాయమేమీ లేదు. గంటన్నర ప్రయాణంలో ఆకలి లేనివాడు పక్కవాడి భోజనం ఖర్చు మోయనక్కర్లేదు. తర్వాత విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా దీనికి అధికారికంగా ఒప్పుకుంది. కోరిన సీటు, తాగునీరు కాకుండా తినుబండారాలూ పానీయాలూ, లాంజ్ వాడకం, ఆటసామాన్లూ వాద్యపరికరాలూ తీసుకెళ్లడం వంటివాటికి విడిగా ధర పెట్టుకోవచ్చంది. 2021 ఫిబ్రవరిలో, చెక్‌ఇన్ బ్యాగు లేకుండా వెళ్లేవారికి తక్కువ ధర టికెట్ అమ్మడానికీ అనుమతించింది. వీటన్నిటికీ ఒకటే ముఖ్యమైన షరతు. ఇవి ప్రయాణికుడు తానుగా ఎంచుకుంటేనే బిల్లులోకి రావాలి. ముందే టిక్కు పెట్టేసి ఉంచి, వద్దనుకుంటే తీసేసుకోమనడం కుదరదు.

ఈ షరతును దృష్టిలో పెట్టుకుని చూస్తే, టికెట్‌కి మనం కట్టే డబ్బును మూడు కుప్పలుగా వేరు చేయవచ్చు. ఎవరూ తప్పించుకోలేని డబ్బు మొదటిది. అసలు ఛార్జీ, దాని మీద ఎకానమీ తరగతికి 5 శాతం జీఎస్టీ, విమానాశ్రయం వసూలు చేసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, భద్రతా రుసుము ఇందులోకి వస్తాయి. మన ఇష్టాన్ని బట్టి కట్టే డబ్బు రెండోది. సీటు, భోజనం, బీమా, క్యూలో ముందుకు పంపే సదుపాయం ఇవన్నీ అందులోవి. మూడోది ఆలస్యానికీ అజాగ్రత్తకూ పడే మూల్యం. ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోగలిగిన అదనపు బరువును విమానాశ్రయంలో కొనడం, తప్పుగా పడిన పేరును చివరి రోజు సరిచేయించుకోవడం ఇలాంటివే.

చౌక టికెట్‌లో లాభమంతా రెండో కుప్పను మన చేతిలో ఉంచుకోవడంలోనూ, మూడో కుప్పలో పడకుండా చూసుకోవడంలోనూ ఉంది. సంస్థల వెబ్‌సైట్లు మాత్రం రెండో కుప్పను మొదటి కుప్పలా కనబడేట్టు తయారుచేసి ఉంటాయి. అది అన్నిటికంటే ఎక్కువగా కనబడేది సీటు దగ్గర.

సీటు కొనకపోతే నిలబడి వెళ్లరు

పేర్లూ వయసులూ నింపాక విమానం లోపలి పటం తెర మీదికొస్తుంది. ఒక్కో వరస ఒక్కో రంగులో, ఒక్కో ధరలో ఉంటుంది. ముందు వరసలకూ, కాళ్లు చాపుకునే చోటు ఎక్కువుండే ఎమర్జెన్సీ తలుపు వరసకూ ధర ఎక్కువ. కిటికీ పక్క, నడవ పక్క సీట్లకు ఒక మోస్తరు ధర ఉంటుంది. మధ్య సీట్లు అన్నిటికంటే చవక, కొన్నిసార్లు ఉచితం. ఇక్కడ ఏదో ఒక సీటు కొనకపోతే ముందుకు వెళ్లలేమని చాలామంది అనుకుంటారు. నిజానికి అదే పేజీలో, సాధారణంగా ఓ మూల చిన్న అక్షరాల్లో, ‘స్కిప్’ అని ఉంటుంది. దాన్ని నొక్కితే సీటు ఎంచుకోకుండానే టికెట్ పూర్తవుతుంది.

అలా వదిలేసిన సీటు ఏమవుతుంది? వెబ్ చెక్‌ఇన్ సమయంలో గానీ, విమానాశ్రయ కౌంటర్‌లో గానీ సంస్థే మిగిలిన సీట్లలో ఒకటి కేటాయిస్తుంది. దానికి డబ్బు ఉండదు. టికెట్ అమ్మారంటేనే సీటు ఉన్నట్టు. మనం డబ్బు పెట్టి కొనేది కూర్చునే హక్కును కాదు, ఎక్కడ కూర్చోవాలో ఎంచుకునే హక్కును. ఒంటరిగా వెళ్లే కుర్రవాడికి ఆ ఎంపికతో పెద్ద పనిలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు నడవ పక్క సీటు అవసరం. అక్కడ పెట్టే మూడు నాలుగు వందలు వృథా కావు.

పిల్లలతో వెళ్లేవారికి ఇంకో నిబంధన ఉంది. కుటుంబమంతా కలిసి కూర్చోలేమేమోనన్న భయంతోనే సీట్లు ఎక్కువగా అమ్ముడవుతాయి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు అదే పీఎన్‌ఆర్ మీద ప్రయాణిస్తున్న తల్లిదండ్రుల్లో గానీ సంరక్షకుల్లో గానీ కనీసం ఒకరి పక్కన సీటు కేటాయించాలని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ సంస్థలను ఆదేశించింది. ఇందులో ‘అదే పీఎన్‌ఆర్’ అన్న మాటను గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. భార్యాపిల్లల టికెట్లు ఒకసారి, తన టికెట్ ఇంకోసారి తీసిన తండ్రికి ఈ నిబంధన ఆసరా కాదు. ఆయన టికెట్ వేరే ప్రయాణికుడి టికెట్‌గానే లెక్కలోకి వస్తుంది. ఒకటి రెండు వందల రాయితీ కోసం టికెట్లను రెండుగా విడగొట్టేముందు ఈ సంగతి చూసుకోవాలి.

ఎమర్జెన్సీ తలుపు వరస గురించి కూడా ఒక మాట. ప్రమాద సమయంలో ఆ తలుపు తెరవగలిగినవారినే అక్కడ కూర్చోనిస్తారు. పిల్లలనూ, గర్భిణులనూ, చేతనవని వృద్ధులనూ కూర్చోనివ్వరు. కాళ్లకు చోటుంటుందని తాతగారికి ఆ సీటు కొంటే, విమానం ఎక్కాక మారిపొమ్మంటారు.

పులిహోర వెళ్తుంది, ఆవకాయ వెళ్లదు

సీటు తర్వాత భోజనం. ఇక్కడా రెండు ధరలుంటాయి. టికెట్‌తో పాటు ముందే చెప్పుకుంటే ఒకటి, విమానం ఎక్కాక అడిగితే ఇంకొకటి. ముందుగా చెప్పుకున్నది సాధారణంగా కొంత తక్కువకు వస్తుంది, కోరిన పదార్థం దొరుకుతుందన్న నమ్మకమూ ఉంటుంది. పైన అడిగినప్పుడు బండి మీద ఏది మిగిలితే అదే.

అసలు భోజనం అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. హైదరాబాద్ నుంచి చెన్నైకీ, బెంగళూరుకీ, విశాఖకూ గాల్లో ఉండేది గంట, గంటంబావు. ఢిల్లీకి రెండు గంటల పైచిలుకు. ఇంట్లో కట్టుకున్న పులిహోరో, చపాతీలో సంచిలో పెట్టుకుని వెళ్లడానికి అభ్యంతరం లేదు. నూనె తేలే ఆవకాయ సీసాను మాత్రం చేతి సంచిలో పెట్టుకుంటే సెక్యూరిటీ దగ్గర ఆపుతారు. పచ్చళ్లను బాగా మూతవేసి, లగేజీలో వేయాలి. నీళ్లకు ఖర్చు అవసరమే లేదు. ఖాళీ సీసా తీసుకెళ్లి, సెక్యూరిటీ దాటాక లోపలి కుళాయి దగ్గర నింపుకోవచ్చు. విమానంలో తాగునీరు అడిగితే ఇస్తారు. విడిగా అమ్ముకోదగ్గవాటి జాబితాలోంచి డీజీసీఏ తాగునీటిని మినహాయించిందని పైన చెప్పుకున్నాం.

భోజనం ఉచితంగా ఇవ్వాల్సిన సందర్భం ఒకటి ఉంది. రెండున్నర గంటల లోపు సాగే ప్రయాణానికి విమానం రెండు గంటలు, ఆపైన ఆలస్యమైతే, చెక్‌ఇన్ చేసుకుని వేచివున్న ప్రయాణికులకు సంస్థే తినడానికీ తాగడానికీ ఏర్పాటు చేయాలి. ఇంకా దూర ప్రయాణాలకు ఈ గడువు మూడు, నాలుగు గంటలుగా ఉంది. చౌక టికెట్ కాబట్టి ఇది మీకు వర్తించదని ఎవరైనా అంటే ఆ మాట ఒప్పుకోనక్కర్లేదు.

చివరి పేజీలో చేరే వందలు

సీటూ భోజనమూ దాటాక బీమా వస్తుంది. వద్దంటే ఏదో తప్పు చేస్తున్నామని అనిపించే వాక్యం ఒకటి పక్కన రాసి ఉంటుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న వెబ్‌సైట్ల మాయ పద్ధతుల మీద మార్గదర్శకాలు ఇచ్చి, పదమూడు రకాలను పేర్కొంది. సిగ్గుపడేట్టు చేసి ఒప్పించడాన్ని వివరించడానికి అందులో ఇచ్చిన ఉదాహరణ విమాన టికెట్‌దే. బీమా వద్దనుకునేవాడి చేత ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అనే అర్థం వచ్చే బటన్ నొక్కించడం. అడగకుండానే బుట్టలో వస్తువు వేయడం, ధరను విడతలు విడతలుగా బయటపెట్టడం కూడా ఆ పదమూడింటిలో ఉన్నాయి.

బీమా పనికిరాదని కాదు. అది దేనికి పరిహారం ఇస్తుందో, దేనికి ఇవ్వదో చదివాకే కొనాలి. ‘మనసు మారితే డబ్బు వాపసు’ అనుకుని కొన్నవారు, అనారోగ్యం వంటి కొన్ని కారణాలకే అది వర్తిస్తుందని క్లెయిమ్ వేళ తెలుసుకుంటారు.

ఆఖరున కన్వీనియన్స్ ఫీజు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే సౌకర్యానికి తీసుకునే రుసుము ఇది. టికెట్‌కి ఒకటి కాకుండా మనిషికి ఇంత, వెళ్లడానికీ రావడానికీ విడివిడిగా ఇంత అని పడుతుంది కనుక, కుటుంబం పెద్దదైతే ఇదే పెద్ద మొత్తం. ఇది ఒక్కో సైట్‌లో ఒక్కోలా ఉంటుంది. పోల్చి చూపే సైట్‌లో వంద రూపాయలు తక్కువ కనబడ్డ టికెట్, ఈ ఫీజు కలిశాక సంస్థ సొంత సైట్‌లోని ధర కంటే ఎక్కువయ్యే సందర్భాలున్నాయి. అందుకే రెండు చోట్లా డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి, అక్కడి మొత్తాన్నే పోల్చాలి.

కాశీ ప్రయాణం లెక్క

ఇదంతా ఒక లెక్కలో పెట్టి చూద్దాం. హైదరాబాద్ నుంచి వారణాసికి భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల పాప, అరవై ఏడేళ్ల నాయనమ్మ వెళ్తున్నారనుకుందాం. అంకెలు పద్ధతి అర్థం కావడానికి వేసుకున్నవే, ఏ సంస్థవీ కావు.

మొదటి సంస్థ టికెట్ పన్నులతో కలిపి రూ.5,000 అని చూపిస్తోంది. రెండో సంస్థ రూ.5,900 చూపిస్తోంది, అందులోనే సాధారణ సీటు, భోజనం కలిసివున్నాయి. కన్వీనియన్స్ ఫీజు రెండు చోట్లా మనిషికి రూ.350. వెతికినప్పుడు జాబితాలో పైన కనబడేది మొదటిదే కాబట్టి అందరూ ముందు దాన్నే నొక్కుతారు.

తెర మీద అడిగినవన్నీ ఒప్పుకుంటూ పోతే లెక్క ఇలా ఉంటుంది. నాలుగు టికెట్లు రూ.20,000. నాలుగు సీట్లు, ఒక్కోటి రూ.350 చొప్పున రూ.1,400. నాలుగు భోజనాలు, రూ.400 చొప్పున రూ.1,600. బీమా మనిషికి రూ.250 చొప్పున రూ.1,000. కన్వీనియన్స్ ఫీజు రూ.1,400. మొత్తం రూ.25,400. తలకు రూ.5,000 అనుకున్నది రూ.6,350 అయింది. రెండో సంస్థలో టికెట్లు రూ.23,600, కన్వీనియన్స్ ఫీజు రూ.1,400 కలిపి రూ.25,000. బీమా తీసేసి చూస్తే మొదటిది ఆరు వందలు తక్కువే. దాన్ని కలుపుకుంటే మాత్రం చౌకనుకున్నదే నాలుగు వందలు ఎక్కువ.

ఇప్పుడు అదే మొదటి సంస్థ టికెట్‌ను అవసరాన్ని బట్టి కొందాం. నలుగురినీ ఒకే పీఎన్‌ఆర్ మీద పెడితే పాపకు తల్లి పక్కనో తండ్రి పక్కనో సీటు ఇవ్వాల్సింది సంస్థే. నాయనమ్మకు నడవ పక్క సీటు రూ.350 పెట్టి కొన్నాం. మిగతా ముగ్గురికీ స్కిప్. భోజనం ఇంటి నుంచి తెచ్చుకున్నాం. బీమా వద్దన్నాం. టికెట్లు రూ.20,000, ఒక సీటు రూ.350, కన్వీనియన్స్ ఫీజు రూ.1,400. మొత్తం రూ.21,750. ముందు లెక్క కంటే రూ.3,650 తక్కువ, రెండో సంస్థ కంటే రూ.3,250 తక్కువ. తిరుగు ప్రయాణానికీ ఇదే పద్ధతి అయితే మిగులు రెట్టింపు.

ఒకే టికెట్ ఒకరికి ఖరీదుగానూ మరొకరికి చవగ్గానూ తేలడానికి కారణం ఇదే. అందుకని ఎవరికైనా ముందు కావలసింది తమ అవసరాల జాబితా. నలుగురికీ పక్కపక్క సీట్లు, వేడి భోజనం తప్పనిసరి అనుకునే కుటుంబానికి రెండో సంస్థ దాదాపు అదే ఖర్చులో తలనొప్పి లేకుండా పని జరిపిస్తుంది.

ఈ లెక్కలో సామాను సంగతి కూడా చూసుకోవాలి. దేశీయ విమానాల్లో మామూలు ఎకానమీ టికెట్‌కి చాలావరకు 15 కిలోల చెక్‌ఇన్ బ్యాగు, 7 కిలోల చేతి సంచి కలిసి ఉంటాయి. చెక్‌ఇన్ బ్యాగు లేని టికెట్‌ను పొరపాటున కొంటే తక్కువ ధర ఆనందం విమానాశ్రయంలో ఆవిరైపోతుంది. కాశీ నుంచి తిరిగొచ్చేటప్పుడు చీరలు, ఇత్తడి సామాన్లు, గంగ చెంబులతో బరువు పెరగడం మామూలే. పెరుగుతుందని తెలిసినప్పుడు అదనపు కిలోలు బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో కొనాలి. కౌంటర్‌లో కిలో లెక్కన కట్టేది అంతకంటే ఎక్కువ.

లండన్, డబ్లిన్‌లలోని మన పిల్లలకు

మన దగ్గర రద్దయిన బోర్డింగ్ పాస్ వడ్డన ఐరోపాలో ఇంకా గట్టిగానే ఉంది. బ్రిటన్‌లో, ఐర్లాండ్‌లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు సెలవులకు బార్సిలోనాకో రోముకో వెళ్లడానికి ఎక్కువగా చూసేది రైయనేర్ వంటి చౌక సంస్థలనే. అక్కడ పదిహేను ఇరవై పౌండ్ల టికెట్లూ దొరుకుతాయి. కానీ ఆన్‌లైన్‌లో చెక్‌ఇన్ చేసుకోకుండా విమానాశ్రయానికి వెళితే ఆ సంస్థ చెక్‌ఇన్‌కు మనిషికి 55 పౌండ్లు తీసుకుంటుంది. టికెట్‌కు రెండు మూడింతలు! 2023లో ఒక వృద్ధ దంపతులు వెళ్లే ప్రయాణానికి బదులు పొరపాటున తిరుగు ప్రయాణపు బోర్డింగ్ పాసులు డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లారు. విమానాశ్రయంలో వాళ్లు కట్టింది 110 పౌండ్లు. ఆ వార్త బ్రిటన్ అంతటా చర్చయింది.

2025 నవంబర్ 12 నుంచి రైయనేర్ కాగితపు పాసులు మానేసి, ఫోన్‌లోని యాప్ పాస్‌కే మారింది. ఆన్‌లైన్ చెక్‌ఇన్ పూర్తయ్యాక ఫోన్ పోయినా, ఛార్జింగ్ అయిపోయినా విమానాశ్రయంలో ఉచితంగా సాయం చేస్తామంది. కానీ చెక్‌ఇన్ చేసుకోకుండా వస్తే రుసుము మామూలే. సీటు కొననివారికి అక్కడ చెక్‌ఇన్ విమానానికి 24 గంటల ముందే తెరుచుకుంటుంది, రెండు గంటల ముందు మూసుకుపోతుంది. సెలవు తిరుగు ప్రయాణంలో ఈ గడువు దాటిపోవడం చాలా తేలిక. ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి. భారత పాస్‌పోర్ట్‌తో వెళ్లేవారు సెక్యూరిటీకి వెళ్లేముందు ఆ సంస్థ డెస్క్‌లో వీసా, పత్రాలు చూపించి తనిఖీ పూర్తి చేయించుకోవాలి. దానికి డబ్బు తీసుకోరు. అది చేయించుకోకపోతే మాత్రం గేటు దగ్గర వెనక్కి పంపేస్తారు, టికెట్ డబ్బు మొత్తం పోయినట్టే.

వెళ్లకపోతే తిరిగొచ్చేది

అసలు ఖరీదు లెక్కలో చాలామంది వదిలేసే పద్దు ఒకటి ఉంది. ప్రయాణం రద్దు చేసుకున్నా, చెప్పకుండా మానేసినా, ‘నాన్ రిఫండబుల్’ టికెట్ అయినా సరే, చట్టప్రకారం వసూలు చేసిన పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు వంటి విమానాశ్రయ రుసుములు ప్రయాణికుడికి తిరిగి ఇవ్వాలని డీజీసీఏ నిబంధన. రద్దు ఛార్జీ కూడా అసలు ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. నలుగురి కుటుంబానికి ఈ పన్నులూ రుసుములూ కలిసి వేలల్లో ఉండవచ్చు. అడగనివారికి దానంతట అదే రాకపోవచ్చు కనుక, సంస్థ సైట్‌లో పీఎన్‌ఆర్ కొట్టి వాపసు కోరాలి. కన్వీనియన్స్ ఫీజు మాత్రం తిరిగి రాదనుకోవాలి.

కౌంటర్‌లో బోర్డింగ్ పాస్‌కి డబ్బు అడిగినా, పాపకు తల్లిదండ్రుల పక్కన సీటు ఇవ్వడానికి డబ్బు కట్టమన్నా, అడగనిది బిల్లులో చేరినా తెర ఫొటో, రసీదు దాచుకోండి. పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవ పోర్టల్‌లోనో, జాతీయ వినియోగదారుల సహాయ నంబర్ 1915కు ఫోన్ చేసో ఫిర్యాదు చేయవచ్చు.

ఈసారి టికెట్ కొనేటప్పుడు మొదటి తెర మీది ధరను పట్టించుకోకండి. ఇంటిల్లిపాదికీ నిజంగా కావలసినవి కాగితం మీద రాసుకుని, వాటితోనే రెండు సంస్థల్లోనూ చివరి పేజీ దాకా వెళ్లండి. అక్కడ కనబడే మొత్తమే మీ టికెట్ ధర.